పలకలు కదిలితే మనకేంటి? – 9వ తరగతి చర్చా ప్రశ్నలు

పాఠం బుధవారంతో అయిపోయింది. శుక్రవారం మూడో పీరియడ్, నాలుగో పీరియడ్ కలిపి చర్చకే వాడుకుందాం. ఐదుగురేసి కూర్చోండి. అట్లాసు, స్కేలు, కాస్త దారం తెచ్చుకోండి. గైడు మాత్రం ఇంట్లోనే పెట్టి రండి, వీటిలో చాలావాటికి అందులో జవాబు దొరకదు. కొన్నింటికి ఒకే సరైన జవాబు కూడా లేదు. గ్రూపులో ఎవరైనా ఒప్పుకోకపోతే వాళ్ల కారణం కూడా కాగితం మీద ఉండాలి.

ముందు లెక్కలు

1. భారత పలక ఏడాదికి దాదాపు 5 సెం.మీ. చొప్పున ఈశాన్యం వైపు జరుగుతోంది. మీ అమ్మమ్మో తాతయ్యో పుట్టిన సంవత్సరం కనుక్కుని, అప్పటి నుంచి మన ఊరు ఎంత జరిగిందో చూడండి. ఇప్పుడు అసలు ప్రశ్న: ఆ కాలంలో హైదరాబాద్‌కీ ఢిల్లీకీ మధ్య దూరం తగ్గిందా? హైదరాబాద్‌కీ లాసాకీ మధ్య? రెండింటికీ జవాబు ఒకటే అనిపిస్తే అట్లాసులో హిమాలయాలు ఎక్కడున్నాయో ఇంకోసారి చూడండి.

2. ఆ 5 సెం.మీ.లో సుమారు 2 సెం.మీ. హిమాలయాల దగ్గరే సర్దుకోవాలి. కానీ అక్కడ రాళ్లు రోజూ కొంచెం కొంచెంగా జారవు. ఒకదాన్నొకటి పట్టుకుని ఏళ్ల తరబడి బిగుసుకుపోయి, ఒక్కసారిగా జారతాయి. 1905లో కాంగ్రాలో అలాగే జరిగింది, సుమారు 20 వేల మంది చనిపోయారు. అప్పటి నుంచి ఆ ప్రాంతం బిగుసుకునే ఉందనుకుంటే, ఇప్పటికి ఎన్ని మీటర్ల జారుడు బాకీ పడి ఉంటుంది? "చాలా ఏళ్లుగా భూకంపం రాలేదు, కాబట్టి ఇక్కడ భయం లేదు" అని అక్కడి వాళ్లు ఎవరైనా అంటే మీరేం చెబుతారు?

పలక అంచున లేం కదా, మనకెందుకు?

ఈ మాట క్లాసులో కనీసం నలుగురు అన్నారు. న్యాయమైన మాటే, అందుకే దీని మీద ఎక్కువసేపు కూర్చుందాం.

3. 2024 డిసెంబర్ 4, ఉదయం ఏడున్నర కావస్తోంది. ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూమి కంపించింది. హైదరాబాద్, విజయవాడల్లో కూడా జనం గుర్తించారు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ సమయంలో మీరు ఎక్కడ ఉన్నారు, ఏ వస్తువు కదిలింది, చప్పుడు వినిపించిందా? ఒక్కొక్కరూ చెప్పండి. మంచం మీద ఉన్నవాళ్లకూ, నడుస్తున్నవాళ్లకూ, మేడ మీద ఉన్నవాళ్లకూ ఒకేలా తెలిసిందా? అందరికీ తీవ్రత 5.3 ఒక్కటే అయినప్పుడు అనుభవం ఎందుకు తేడాగా ఉంది?

4. గోదావరి లోయ పొడవునా భూమిలో చాలా పాత భ్రంశాలు ఉన్నాయి. 1969లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. అట్లాసులో ములుగు, భద్రాచలం గుర్తించి, గోదావరి పక్కన దారం పరిచి చూడండి. హిమాలయాల దగ్గర తోపుడుకూ, వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న మన పాత పగుళ్లకూ సంబంధం ఎలా ఉండొచ్చు?

5. 1993 సెప్టెంబర్ 30న, తెల్లవారకముందే మహారాష్ట్రలోని లాతూర్ జిల్లా కిల్లారి ప్రాంతం కంపించింది. తీవ్రత 6.2. పలక అంచుకు చాలా దూరం. అయినా సుమారు 10 వేల మంది చనిపోయారు. అక్కడ ఎక్కువ ఇళ్లు మట్టి అడుసుతో పేర్చిన మందపాటి రాతి గోడలు. పైకప్పు కర్రల మీద బరువైన మట్టి పొర. వేసవిలో చల్లగా ఉంటాయి, చూడటానికి గట్టిగానే కనిపిస్తాయి. అదే ఊళ్లో పక్కనే వెదురు తడికలతో, పైన గడ్డి కప్పుతో ఒక గుడిసె ఉందనుకోండి. ఆ రాత్రికి మీరు ఎందులో పడుకుంటారు? గోడ ఏ వైపు పడుతుంది, కప్పు దేని మీద ఆనుకుని ఉంది అనేవి బొమ్మ గీసి వివరించండి. ఇదే భూకంపం మధ్యాహ్నం, అందరూ పొలంలో ఉన్నప్పుడు వచ్చి ఉంటే?

రెండు దేశాలు, ఒకే ఏడాది

6. 2010 జనవరిలో హైతీలో 7.0 తీవ్రత. లక్షకు పైగా ప్రాణాలు పోయాయి. ఫిబ్రవరిలో చిలీలో 8.8. అక్కడ సునామీతో కలిపి చనిపోయినవారు సుమారు 500 మంది. తీవ్రత ఒక అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుందని చెప్పుకున్నాం. ఆ లెక్కన చిలీలో విడుదలైన శక్తి హైతీ కంటే దాదాపు 500 రెట్లు.

మరి ఎందుకిలా? "హైతీ పేద దేశం కాబట్టి" అని రాసి ఆపేస్తే నేను మార్కులు వేయను. డబ్బు భూకంపాన్ని ఆపదు కదా. ఆ డబ్బుతో చిలీ ఏం కొనుక్కుంది, ఏ నియమాలు పెట్టుకుంది, వాటిని ఎవరు తనిఖీ చేశారు అన్నది రాయండి. ఒక ఆధారం ఇస్తున్నాను: 1960లో చిలీ 9.5 తీవ్రతను చూసింది, యంత్రాలతో కొలిచిన భూకంపాల్లో అదే అతి పెద్దది. ఇంకో ఆధారం: హైతీ భూకంప అధికేంద్రం రాజధానికి చాలా దగ్గర. ఈ రెండింటిలో ఏది పెద్ద కారణమో గ్రూపులో వాదించుకోండి.

ముందే తెలుసుకోవచ్చా?

7. "ఈ రాత్రి 2:15కి మన జిల్లాలో పెద్ద భూకంపం, బయటే పడుకోండి" అని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. ఇంట్లో అందరికీ టెన్షన్. ఇది నమ్మదగింది కాదని మెసేజ్‌లోని ఏ మాట చూసి చెప్పగలరు? "హిమాలయాల్లో పెద్ద భూకంపం వచ్చే అవకాశం ఉంది" అని శాస్త్రవేత్తలు అనడానికీ దీనికీ తేడా ఏమిటి?

8. ప్రాథమిక తరంగాలు సెకనుకు 6 కి.మీ., గౌణ తరంగాలు 3.5 కి.మీ. వెళ్తాయనుకుందాం. 210 కి.మీ. దూరంలో, అంటే సుమారుగా ములుగు భూకంపానికి హైదరాబాద్ ఉన్నంత దూరంలో, రెండింటి రాకకూ మధ్య ఎన్ని సెకన్లు దొరుకుతాయి? ఆ కాస్త సమయంలో మెట్రో రైలు, లిఫ్ట్, ఆపరేషన్ థియేటర్, మన క్లాసు, వీటిలో దేనికి ఎక్కువ ఉపయోగం? అధికేంద్రం పక్కనే ఉన్న ఊరికి ఎన్ని సెకన్లు?

9. 2004 డిసెంబర్ 26న సుమత్రా దగ్గర భూమి కంపించాక అలలు మన తూర్పు తీరానికి రావడానికి రెండు గంటలకు పైగా పట్టింది. హెచ్చరిక మాత్రం రాలేదు. 2007 నుంచి హైదరాబాద్‌లోనే సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. అక్కడి నుంచి మచిలీపట్నంలో వల సర్దుకుంటున్న మనిషి దాకా ఆ మాట ఎన్ని చేతులు మారాలి? ఎక్కడ తెగిపోయే ప్రమాదం ఉంది?

మన గది

10. చర్చ చివర్లో లేచి క్లాసు రూమంతా ఒకసారి చూడండి. వెనక గోడకు ఇనుప బీరువా ఉంది, దాని పైన కబడ్డీ కప్పులు. దాని కింద బెంచీలో కూర్చునేది ఎవరు? తలుపు లోపలికి తెరుచుకుంటుంది. బయట వరండాలో సైకిళ్లు. 42 మంది ఉన్న ఈ గదికి ఒక పటం గీసి, కంపనం సాగుతున్నంతసేపూ ఎవరు ఏ బెంచీ కిందకు దూరాలి, ఆగాక ఏ దారిన గ్రౌండ్‌లోకి వెళ్లాలి అన్నది బాణాలతో చూపించండి. ఖర్చు లేకుండా ఈ వారమే మార్చగలిగినవి మూడు రాయండి. బీరువాను గోడకు బిగించడానికి ఏమేం కావాలో విడిగా రాయండి, హెడ్మాస్టర్ గారికి ఆ కాగితమే ఇస్తాను.

గ్రూపుకు ఒక కాగితం చాలు. సోమవారం ప్రార్థన అయ్యాక క్లాస్ లీడర్ అన్నీ తీసుకుని స్టాఫ్ రూమ్‌లో ఇవ్వాలి. 5, 6 ప్రశ్నలకు బొమ్మలు, కారణాలు లేకపోతే వెనక్కి ఇచ్చేస్తాను.