మా ఇత్తడి, రాగి పాత్రల అంగడి మూసేస్తున్నాం

తిరుపతి గాంధీ రోడ్డులో 1974 నుంచి నడుస్తున్న మా అంగడిని 2026 జనవరి 31, శనివారం రాత్రి 8 గంటలకు శాశ్వతంగా మూసేస్తున్నాం. అద్దె గడువు ఆ రోజుతో తీరుతోంది. కొత్తచోట మళ్లీ పొయ్యి పెట్టే ఓపిక మాకు లేదు.

సారెకు బిందె కొన్నవాళ్లు, అదే బిందెను కూతురి పెళ్లికి మెరుగు పెట్టించినవాళ్లు, పుత్తూరు, చంద్రగిరి నుంచి గంగాళాలు బస్సు మీద వేసుకొచ్చినవాళ్లు, మీ అందరి చలవతోనే ఇన్నేళ్లు నిలబడ్డాం. పేరుపేరునా దణ్ణాలు.

ఆఖరి అమ్మకం జనవరి 2 నుంచి 31 దాకా, ఉదయం 10 నుంచి రాత్రి 8 వరకు. భోగి, సంక్రాంతి, కనుమ మూడు రోజులూ సెలవు. ఏ రోజు కొంటే ఆ రోజు లోహం ధరకే తూకమేసి ఇస్తాం, కూలి కలపం. పొంగలి గుండ్లు కావాలంటే 13లోపు రండి, పండగ దాటితే మిగలవు. అమ్మినవి వాపసు తీసుకోలేం కాబట్టి ఇక్కడే పరీక్షించుకోండి: బిందె నిండా నీళ్లు పోసి పొడి గచ్చు మీద పది నిమిషాలు ఉంచితే, అతుకు దగ్గర కారేదుంటే తడి తెలిసిపోతుంది. పాత సామాను మార్పిడి 24తో ఆఖరు.

కళాయి పూతకు కొత్తగా పాత్రలు తీసుకునేది జనవరి 10 వరకే. ఇదివరకు ఇచ్చి తీసుకుపోని పాత్రలు 23 ఉన్నాయి, 25లోపు వచ్చి తీసుకోండి. చీటీ పోయినా ఫరవాలేదు, పాత్ర మీద కొట్టించిన పేరు చెబితే చాలు. పేరు అరిగిపోయినవి గుమ్మం పక్కన బల్ల మీద పెట్టాం. అందులో ఒక గుండిగకు అంచు కింద మూడు చుక్కలున్నాయి, ఎవరిదో చూసుకోండి. అద్దె గంగాళాలు కూడా 25లోపే తెచ్చివ్వండి, అడ్వాన్సు అక్కడికక్కడే లెక్కపెట్టి ఇస్తాం.

ఇకపై కొత్త పాత్రలకు గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో అంగళ్లున్నాయి. కళాయికి మాత్రం మా మేస్త్రి ఫిబ్రవరి 2 నుంచి కొర్లగుంటలో ఇంటి దగ్గరే పొయ్యి పెడుతున్నారు. ఆయన ఫోను నంబరు కౌంటరు దగ్గర గోడ మీద రాసిపెట్టాం, రాసుకుపోండి.

కళాయి వేరేచోట వేయిస్తే ఎదురుగా కూర్చొని వేయించుకోండి. పాత్ర కాగాక నవాసాగరం చల్లి, తగరం దూదితో లోపలంతా రుద్దాలి. తగరంలో సీసం కలిపితే ఖర్చు తగ్గుతుంది గానీ అది ఒంటికి విషం. వేలితో గట్టిగా రుద్దితే నల్లగా అంటుకునే కళాయిలో వండకండి. మంచి కళాయి కూడా ఖాళీ పాత్రను మంట మీద వదిలితే నిలవదు, తగరం 232 డిగ్రీలకే కరిగి అడుగున గుండ్లు కడుతుంది. నీళ్లో నూనో పోశాకే పొయ్యి వెలిగించండి, ఇనుప పీచు తగలనివ్వకండి. లోపల పసుపు లోహం కనబడ్డాక ఆ పాత్రలో చింతపండు పులుసు, పెరుగు పెట్టకుండా ముందు కళాయి వేయించండి.