ఫ్లోరింగ్ ఫైనల్ బిల్లులో క్వొటేషన్‌కి మించి వేసిన చార్జీలపై అభ్యంతరం

విజయవాడ,
9 జూన్ 2025.
(రిజిస్టర్ పోస్టు ద్వారా, కాపీ వాట్సాప్‌లో)

మేస్త్రి గారికి,

నమస్కారం. పటమటలోని మా రెండో అంతస్తు ఫ్లాట్‌లో మీరు చేసిన ఫ్లోరింగ్ పనికి మే 31న పంపిన ఫైనల్ బిల్లు అందింది. మొత్తం రూ.1,67,383, నేను ఇచ్చిన రూ.70,000 పోను ఇంకా రూ.97,383 కట్టాలని రాశారు. మన మధ్య మార్చి 17న కుదిరిన క్వొటేషన్ మొత్తం రూ.90,280. అంటే ఆ రోజు ఒప్పుకున్న పని మొత్తం ఖరీదు కంటే, ఇప్పుడు మిగిలిందని మీరు చెబుతున్న బాకీయే ఎక్కువ. అందుకే ఫోన్లో మాటలతో తేల్చుకోకుండా కాగితం మీద పెడుతున్నాను.

జూన్ 5న ఫోన్ చేసినప్పుడు "క్వొటేషన్ అంటే అంచనాయే కదండీ, పనిలో దిగాక ఎన్నో వస్తాయి" అన్నారు. కొలతల విషయంలో అది నిజం. పని పూర్తయ్యాక కొలిచి ఫైనల్ చేద్దామని అందులోనే రాసుకున్నాం, దానికి కట్టుబడి ఉన్నాను. రేటు సంగతి అలా కాదు. రేట్లు, వాటిలో ఏమేమి కలిసి ఉన్నాయో మీ చేత్తో మీరే రాశారు, కింద ఇద్దరం సంతకాలు పెట్టాం. పాత మొజాయిక్ తవ్వి రబ్బిష్ కిందికి దించి బయటికి తరలించడానికి ఎస్ఎఫ్‌టీకి రూ.28. సిమెంటు, ఇసుక బెడ్‌తో సహా 4×2 టైల్స్ వేయడానికి ఎస్ఎఫ్‌టీకి రూ.70. నాలుగంగుళాల స్కర్టింగ్‌కి రన్నింగ్ ఫుట్‌కి రూ.25. టైల్స్, గ్రౌట్ నావి. అదనపు పని ఏదైనా వస్తే ముందు చెప్పి, ఒప్పుకున్నాకే చేయాలన్న మాట కూడా ఆ కాగితం చివర్లో ఉంది.

ఇప్పుడు మీ బిల్లు చూద్దాం. నేను ముప్పై ఏళ్లు లెక్కల గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఒక్కో అంకె దగ్గర ఆగడం అలవాటు, విసుక్కోకండి.

మొదట ట్రాక్టర్. రబ్బిష్ నాలుగు ట్రిప్పులకి ట్రిప్పుకి రూ.2,500 చొప్పున రూ.10,000 వేశారు. రూ.28 రేటులో తరలింపు కూడా ఉందని మీ క్వొటేషన్ మొదటి వరుసే చెబుతోంది. మీకంటే ముందు వచ్చిన ఇంకో మేస్త్రి తవ్వడానికి రూ.20 చాలన్నారు, రబ్బిష్ మాత్రం మమ్మల్నే చూసుకోమన్నారు. ఆ తలనొప్పి వద్దనే ఎస్ఎఫ్‌టీకి ఎనిమిది రూపాయలు ఎక్కువైనా మీకు ఇచ్చాం. అంటే తరలింపు కోసమే దాదాపు ఏడు వేలు ఇప్పటికే మీ రేటులో ఉన్నాయి. డంప్ చేసే చోటు దూరమైందని మీరు చెప్పిన మాటను నేను కాదనను, కానీ దూరమెంతో చూసుకుని రేటు చెప్పాల్సింది మీరే. ఆ రూ.10,000 ఇవ్వలేను.

లెవెలింగ్ కోసం అదనపు బెడ్ అని ఇల్లు మొత్తానికి ఎస్ఎఫ్‌టీకి రూ.12 చొప్పున రూ.11,280 వేశారు. నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించింది ఇదే. క్వొటేషన్ రాయడానికి ముందు మీరే ట్యూబ్ లెవెల్ పట్టి చూసి, హాలు బాల్కనీ వైపు అంగుళం వాలుగా ఉందని నాకు చూపించారు. ఆ సంగతి తెలిశాకే బెడ్‌తో సహా రూ.70 అన్నారు. బెడ్ మందం ఇంత దాటితే ఇంత ఎక్కువ అన్న షరతు ఏదీ రాయలేదు. పని జరుగుతున్న రోజుల్లో ఒక్క మాటైనా అనలేదు, ఒక్క మెసేజ్ కూడా పెట్టలేదు. పోనీ ఇసుక నిజంగానే ఎక్కువ పట్టిందనుకుందాం. వాలు ఉన్నది హాల్లో. బెడ్‌రూములు, వంటగది సాపుగానే ఉన్నాయని మీరే అన్నారు. మరి వాటికి కూడా రూ.12 ఎందుకు పడింది?

ఇక 'పెద్ద సైజు టైల్ చార్జీ' రూ.9,400. క్వొటేషన్‌లో 4×2 అని సైజు స్పష్టంగా రాసి దానికే రేటు చెప్పారు, తర్వాత సైజు మారలేదు. చీర అమ్మాక పైటచెంగుకి వేరే డబ్బులు అడిగినట్టుంది. దీని మీద ఇంతకంటే రాయడానికేమీ లేదు.

టైల్ బాక్సులు పైకి మోసినందుకు 65 బాక్సులకి రూ.60 చొప్పున రూ.3,900 వేశారు. ఆ బాక్సులు పైకి చేర్చింది షాపు హమాలీలు. బాక్సుకి రూ.40 చొప్పున రూ.2,600 వాళ్లకి ఆ రోజే ఇచ్చాను, షాపు వాళ్లిచ్చిన రసీదు ఉంది. మీ మనుషులు హాల్లోంచి గదుల్లోకి జరిపి ఉంటారు. టైల్స్ వేసేవాళ్లు ఆ మాత్రం చేయడం పనిలో భాగమే.

అడెసివ్ 12 బస్తాలు, బస్తాకి రూ.450 చొప్పున రూ.5,400. స్కర్టింగ్‌కి అడెసివ్ వాడతానని మీరు అడిగారు, నేను సరేనన్నాను. ఆ మాట నేను మర్చిపోలేదు. కానీ నేల మీద టైల్స్ వేసింది సిమెంటు బెడ్ మీద, సిమెంటు పాలు పోసి. నాలుగంగుళాల స్కర్టింగ్ మొత్తం కలిపినా 82 ఎస్ఎఫ్‌టీ మించదు. 20 కిలోల బస్తా పలుచగా రాస్తే యాభై ఎస్ఎఫ్‌టీ దాకా వస్తుంది కాబట్టి రెండు బస్తాలు సరిపోతాయి. రూ.900 ఇస్తాను. మిగతా పది బస్తాలు మా ఇంట్లో వాడినవైతే ఎక్కడ వాడారో చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

నేల ఎత్తు పెరిగాక ఐదు తలుపులు కింద కోయించినందుకు వేసిన రూ.2,000 మాత్రం న్యాయమైనదే. తలుపుకి రూ.400 అవుతుందని ముందు ఫోన్ చేసి అడిగారు, ఒప్పుకున్నాను. మిగతావి కూడా ఇలాగే అడిగి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు.

కొలతల్లో కూడా తేడా ఉంది. మీరు ఫ్లోరింగ్ 940 ఎస్ఎఫ్‌టీ అని వేశారు. మా అబ్బాయి, నేను టేపుతో గది గది కొలిస్తే 868 వచ్చింది. తేడా ఎందుకని అడిగితే వేస్టేజ్ కలిపామన్నారు. వేస్టేజ్ అనేది టైల్స్ కొనేటప్పుడు కలుపుకునేది. ఆ ఎక్కువ టైల్స్‌కి షాపులో డబ్బు కట్టింది నేనే. వేయని టైల్‌కి వేసిన కూలీ ఎలా వస్తుంది? పైగా మొజాయిక్ తవ్వకానికి కూడా అదే 940 పెట్టారు. తవ్వకంలో వేస్టేజ్ ఏమిటో నాకు అర్థం కాలేదు. స్కర్టింగ్ మీ లెక్కలో 310 అడుగులు. తలుపుల ఖాళీలు, వంటగది గట్టు కింద వేయని భాగం తీసేస్తే 246. మీ టేపు తెచ్చుకుని రండి, ఇద్దరం కలిసి కొలుద్దాం. నా లెక్క తప్పితే మీ లెక్కే ఖాయం చేస్తాను.

చివరగా జీఎస్టీ 18 శాతం, రూ.25,533. క్వొటేషన్‌లో పన్ను వేరే అన్న మాట లేదు. మీ లెటర్‌హెడ్ మీద గానీ బిల్లు మీద గానీ జీఎస్టీ నంబరు లేదు. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు కస్టమర్ దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదని సీజీఎస్టీ చట్టం 32వ సెక్షన్ చెబుతోంది. కాంపోజిషన్ స్కీములో ఉన్నవాళ్లు కూడా బిల్లులో పన్ను వేయడానికి లేదు. మీకు మామూలు రిజిస్ట్రేషన్ ఉంటే నంబరుతో సహా టాక్స్ ఇన్‌వాయిస్ ఇవ్వండి. జీఎస్టీ పోర్టల్‌లో సరిచూసుకుంటాను, ఒప్పుకున్న రేటులో అది కలిసి ఉందా లేదా అన్నది అప్పుడు మాట్లాడదాం. నంబరు లేని బిల్లు మీద ఒక్క రూపాయి కూడా పన్ను కట్టను.

ఇదంతా పోను నా లెక్క ఇలా వస్తోంది:

తవ్వకం, తరలింపు: 868 × 28 = రూ.24,304
టైల్స్ వేయడం: 868 × 70 = రూ.60,760
స్కర్టింగ్: 246 × 25 = రూ.6,150
అడెసివ్ రెండు బస్తాలు: రూ.900
తలుపులు: రూ.2,000
మొత్తం: రూ.94,114
ఇచ్చింది (అడ్వాన్స్ 40,000, మధ్యలో యూపీఐలో 30,000): రూ.70,000
ఇవ్వాల్సింది: రూ.24,114

ఇందులో రూ.20,000 ఈ ఉత్తరంతో పాటే మీ యూపీఐకి పంపుతున్నాను. మిగిలిన రూ.4,114 ఆపడానికి కారణం ఉంది. డైనింగ్ దగ్గర మూడు టైల్స్ కొడితే డొల్ల శబ్దం వస్తోంది, కింద మాలు సరిగ్గా పట్టలేదు. బాల్కనీ గుమ్మం దగ్గర ఒక టైల్ పక్కదానికంటే ఎత్తుగా ఉండి కాలికి తగులుతోంది. మార్చడానికి నాలుగు టైల్స్ ఇంట్లోనే మిగిలి ఉన్నాయి. ఆ నాలుగూ సరిచేసిన రోజే మిగతా డబ్బు చేతిలో పెడతాను.

ఇంకో మాట. పోయిన వారం మీ మనిషి ఒకతను నేను లేనప్పుడు వచ్చి, డబ్బులిస్తేగానీ కదలనని మెట్ల మీద కూర్చున్నాడట. మా ఆవిడకి బీపీ ఉంది, ఆ పూటంతా టెన్షన్ పడింది. పనివాళ్ల కూలీ బాకీ ఉంటే దానికి పై రూ.20,000 వాడండి. లెక్కల గొడవ మనిద్దరిదీ. ఏదైనా ఉంటే నాతోనే మాట్లాడండి, ఇంటికి మనుషుల్ని పంపకండి. మళ్లీ అలా జరిగితే పోలీస్ స్టేషన్‌లో కంప్లైంట్ ఇవ్వక తప్పదు.

పని నాణ్యత మీద నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. హాల్లో జాయింట్లు ఎంత సూటిగా వచ్చాయో చూసి పక్క ఫ్లాట్ వాళ్లు మీ నంబరు కూడా అడిగారు. అందుకే దీన్ని మాటలతోనే తేల్చుకోవాలని ఉంది. ఈ నెల 22, ఆదివారం ఉదయం పది గంటలకి ఇంట్లోనే ఉంటాను. టేపు, ట్రాక్టర్ రసీదులు, అడెసివ్ కొన్న బిల్లులు తీసుకుని రండి. ఆ రోజు కుదరకపోతే ముందుగా ఇంకో రోజు మెసేజ్ పెట్టండి.

ఈ నెలాఖరులోగా రాతపూర్వకంగా జవాబు రాకపోతే, లేదా ఇదే రూ.97,383 మళ్లీ అడిగితే, ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేయిస్తాను. అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కి వెళతాను. ఐదు లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు, లాయర్ లేకుండా నేనే వాదించుకోవచ్చు. రిటైరైనవాణ్ణి, తిరగడానికి తీరిక ఉంది. మీకే పని రోజులు పోతాయి.

మార్చి 17 క్వొటేషన్, మే 31 బిల్లు, హమాలీ రసీదు, యూపీఐ చెల్లింపుల స్క్రీన్‌షాట్లు, గదుల వారీ కొలతల కాగితం కాపీలు దీనితో జత చేశాను. కొలతల కాగితం మీద మీ సంతకానికి చోటు వదిలాను, వచ్చిన రోజు ఇద్దరం సరిచూసుకుని సంతకాలు పెడదాం.

ఇట్లు,
సుబ్బారావు
ఫ్లాట్ నం. 203, పటమట, విజయవాడ