బెడ్ 14 ఇంటి మందులు: మెథోట్రెక్సేట్ రోజూ వేసుకున్నట్టుంది, అర్జెంట్

మేడమ్, ఫిమేల్ మెడికల్ వార్డు నుంచి. ఈ సాయంత్రం అడ్మిట్ అయిన బెడ్ 14, కొండపి నుంచి వచ్చిన 58 ఏళ్ల అమ్మ గురించి. జ్వరం, వాంతులు, నోట్లో పుళ్లు. మందుల సంచి ఇంట్లోనే మరిచిపోయి వచ్చారు. వాళ్ల కోడలు ఇంటి నుంచి 7 ఫోటోలు పంపింది. నేను చదివింది రాస్తున్నాను, ఫోటోలు కింద పెట్టాను.

ముందు ముఖ్యమైంది. 2వ ఫోటో: మెథోట్రెక్సేట్ 7.5 మి.గ్రా. పేరు జూమ్ చేసి రెండుసార్లు చదివాను. 10 మాత్రల స్ట్రిప్, 6 గదులు ఖాళీ. పక్కనే ఉన్న షాపు బిల్లు తేదీ 4, ఈ రోజు 10. వారానికి ఒకటే అయితే ఒక్కటే ఖాళీ అవ్వాలి. అమ్మని అడిగితే "కీళ్ల మాత్ర, రోజూ రాత్రి అన్నం తిన్నాక" అంది. చివరిది నిన్న రాత్రి. ఇంతకుముందు కొడుకే చూసి ఇచ్చేవాడట, అతను పనికి హైదరాబాద్ వెళ్లాక తనే వేసుకుంటోంది. పాత చీటీ 3వ ఫోటోలో ఉంది, అందులో "వారానికి ఒకసారి" అని స్పష్టంగానే ఉంది. పాపం, చదువు రాదు.

ఫోలిక్ ఆసిడ్ 5 మి.గ్రా. స్ట్రిప్ ఒక్కటి కూడా తీయకుండా నిండుగా ఉంది.

5వ ఫోటో ఎసిక్లోఫెనాక్ + పారాసిటమాల్. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చాడు, మూడు రోజులుగా రోజుకు రెండు. మెథోట్రెక్సేట్‌తో కలిసింది కదా, అందుకే విడిగా చెబుతున్నాను.

మిగతావి: టెల్మిసార్టన్ 40, ఉదయం ఒకటి. మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్ 500, ఉదయం, రాత్రి. వాంతుల వల్ల ఈ రెండూ ఈ రోజు వేసుకోలేదు. 7వ ఫోటోలో స్ట్రిప్ కత్తిరించి ఉంది, ఎక్స్‌పైరీ తేదీ తప్ప పేరు కనిపించడం లేదు. తెల్ల గుండ్రని మాత్ర. ఊహించి రాయలేదు, మిగతా ముక్క వెతికి పంపమన్నాను. మందుల ఎలర్జీ ఏదీ లేదంటున్నారు. నాటు మందులు కూడా లేవట.

ఇప్పుడు బీపీ 96/60, పల్స్ 112, టెంపరేచర్ 101.2, షుగర్ 138. పెదవి లోపలంతా తెల్లగా ఒలిచినట్టుంది, నీళ్లు కూడా మింగలేకపోతోంది. ఉదయం నుంచి మూత్రం ఒక్కసారే వెళ్లిందట.

సీబీసీ, క్రియాటినిన్, ఎల్‌ఎఫ్‌టీ శాంపిల్స్ వెళ్లాయి. అర్జెంట్ అని ల్యాబ్‌కి ఫోన్ చేశాను. మీరు చెప్పేవరకు ఇంటి మందులు ఏవీ ఇవ్వను, నొప్పి మాత్ర అసలే ఇవ్వను. ఫోలినిక్ ఆసిడ్ ఇంజెక్షన్ స్టాక్ ఉందేమో ఫార్మసీని అడిగాను, చూసి చెబుతామన్నారు. కేస్ షీట్ మీద "మెథోట్రెక్సేట్ రోజూ, 6 డోసులు, చివరిది 9వ తేదీ రాత్రి" అని ఎర్ర ఇంకుతో రాశాను.

మేడమ్, ఇది చూడగానే ఒక్కసారి ఫోన్ చేయండి. ఐదు నిమిషాల్లో మీరు చూడకపోతే నేనే చేస్తాను.

స్టాఫ్ నర్సు, నైట్ డ్యూటీ. 10వ తేదీ, రాత్రి 9:40