డెంటల్ క్లినిక్ హోమ్ పేజీ మెయిన్ ఫొటో కోసం ప్రాంప్ట్

చిన్న డెంటల్ క్లినిక్ వెబ్‌సైట్‌కి, పేజీ తెరవగానే పైన కనబడే పెద్ద ఫొటో కావాలి. 16:9 అడ్డం ఫ్రేము. కెమెరాతో తీసిన మామూలు ఫొటోలా ఉండాలి, త్రీడీ బొమ్మలా, పోస్టర్‌లా కాదు. ఈ పేజీకి వచ్చేవాళ్లలో చాలామంది పన్ను సలుపుతుంటే ఫోన్ పట్టుకుని వెతికేవాళ్లు, లేదా భయంతో ఏళ్ల తరబడి వాయిదా వేసుకుంటూ వచ్చినవాళ్లు. వాళ్లకి నోరు తెరిచి పడుకున్న మనిషిని చూపిస్తే అక్కడికక్కడే పేజీ మూసేస్తారు. అందుకే ట్రీట్‌మెంట్ కాదు, అది మొదలవకముందు డాక్టరూ పేషెంటూ కూర్చుని మాట్లాడుకుంటున్న క్షణం చూపించు.

ఇద్దరే మనుషులు. పేషెంట్ 60 ఏళ్ల పెద్దాయన, జుట్టు సగం నెరిసింది, మామూలు కాటన్ చొక్కా. డెంటల్ చైర్ వీపు నిటారుగా లేపి ఉంది, ఆయన పక్కకి తిరిగి, రెండు కాళ్లూ నేలమీద ఆనించి కూర్చున్నాడు, అంటే లేచి వెళ్లాలనుకుంటే వెళ్లగలిగేలా. ఎదురుగా స్టూల్ మీద 45 ఏళ్ల డాక్టరమ్మ. ఆమె కళ్లు ఆయన కళ్ల ఎత్తులోనే ఉండాలి, ఒక పిసరు కిందకి ఉన్నా పర్వాలేదు, పైనుంచి చూస్తున్నట్టు మాత్రం రాకూడదు, ఈ ఫొటోలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే. మాట్లాడుతున్నది పేషెంటు, వింటున్నది డాక్టరు. ఆమె కొంచెం ముందుకి వంగి ఉంది, చేతులు ఒళ్లో ఉన్నాయి, గ్లవ్స్ లేవు, చేతిలో ఏ పరికరమూ లేదు. మాస్క్ అసలు వద్దు, గడ్డం కిందకి లాగేసిన మాస్క్ అయితే మరీ అశ్రద్ధగా కనిపిస్తుంది. తెల్లకోటు బదులు ముదురు ఆకుపచ్చ స్క్రబ్స్. ఇద్దరిలో ఎవరూ కెమెరా వైపు చూడరు. పళ్లన్నీ కనబడేలా నవ్వడం కూడా వద్దు, ఆ నవ్వు చూడగానే డబ్బులిచ్చి కొన్న స్టాక్ ఫొటో అని తెలిసిపోతుంది. డాక్టరు ముఖంలో శ్రద్ధ, పేషెంటు భుజాల్లో కాస్త సడలింపు, అంతే.

వెలుగు కుడివైపు ఫ్రేము బయట ఉన్న కిటికీ నుంచి, పల్చటి కర్టెన్‌లోంచి వడకట్టినట్టు వస్తోంది, ఉదయం పూట పగటి వెలుగు. వెనక మూలలో 3000K వెచ్చటి దీపం ఒకటి వెలుగుతోంది. చైర్ మీద ఉండే ఆపరేటింగ్ లైట్ ఆపేసి పక్కకి తిప్పేసి ఉంది. సీలింగ్ ట్యూబ్‌లైట్లు లేవు. నీడలు మెత్తగా ఉండనీ, కానీ పూర్తిగా చెరిపెయ్యకు. నీడే లేని గది ఫ్రిజ్ లోపలిలా ఉంటుంది. మొత్తం ఫొటోలో నీలిరంగు ఛాయ రాకూడదు, అలాగని అంతా పసుపు పులిమినట్టూ ఉండకూడదు, తెల్లగోడ తెల్లగోడలాగే కనబడాలి, కొంచెం క్రీమ్ వైపు.

గది విషయంలో జాగ్రత్త. వెచ్చదనం అనగానే కొవ్వొత్తులు, కుషన్లు, చుట్టిపెట్టిన టవళ్లు వచ్చేస్తాయి, ఇది స్పా కాదు. నమ్మకం కలగాలంటే ఇది వైద్యం జరిగే చోటని తెలియాలి, శుభ్రంగా ఉందని కూడా తెలియాలి. కాబట్టి వెనక తుడిచిన ఖాళీ కౌంటర్, చేతులు కడుక్కునే సింక్, మూసిన లేత చెక్క రంగు అల్మరాలు ఉంచు. ఫోకస్ బయట కాస్త మసకగా ఉన్నా అవి ఏమిటో గుర్తుపట్టగలగాలి. సూదులు, డ్రిల్, పరికరాల ట్రే కనబడవు. కిటికీ వైపు ఒక్క మొక్క చాలు.

ఇద్దరూ ఫ్రేములో కుడివైపు 45 శాతంలోనే, దగ్గరదగ్గరగా ఉండాలి, ఎందుకంటే ఫోన్‌లో చూసేటప్పుడు ఆ భాగాన్ని 4:5 నిలువుగా కత్తిరిస్తాం. ఎడమవైపు 40 శాతం ఖాళీ గోడ, దాదాపు ఒకే లేత రంగులో, మీద ఫ్రేములూ అల్మరా అంచులూ లేకుండా. అక్కడ ముదురు రంగు అక్షరాలతో హెడ్డింగ్, అపాయింట్‌మెంట్ బటన్ తర్వాత మేమే పెట్టుకుంటాం, నువ్వు ఫొటోలో ఎక్కడా ఒక్క అక్షరం కూడా రాయకు. సర్టిఫికెట్లు, లోగోలు, నేమ్ బ్యాడ్జీలు వద్దు, మానిటర్ ఉంటే ఆపేసి ఉండాలి.

కెమెరా కూర్చున్న మనిషి కళ్ల ఎత్తులో, 50ఎంఎం లెన్స్, f/2.8, ఫోకస్ ఇద్దరి ముఖాల మీద. చర్మం మీద ముడతలు, రంధ్రాలు ఉన్నవి ఉన్నట్టే రానీ. పెద్దాయన మాట్లాడుతున్నప్పుడు పళ్లు కనబడితే అవి ఆయన వయసుకి తగ్గ పళ్లలా, కొంచెం ఎగుడుదిగుడుగా, పాలిపోయిన తెలుపులో ఉండాలి, మెరిసిపోతే నమ్మరు. చేతివేళ్లు లెక్క సరిగ్గా రావాలి.

నాలుగు వెర్షన్లు ఇవ్వు. మొదటి రెండూ పైన చెప్పినట్టే, డాక్టరు ముఖకవళికలు మాత్రం మార్చు. మూడోదాంట్లో పేషెంటు 30 ఏళ్ల అమ్మాయి, మిగతా అంతా అదే. నాలుగోదాంట్లో మనుషులు లేరు, అదే గది, అదే వెలుగు, ఎదురెదురుగా ఖాళీ చైరూ స్టూలూ.