మేస్త్రి గారితో ఆదివారం కాల్: పని, డబ్బు, తేదీలు

నాన్నా, అన్నయ్యా,

2025 జూన్ 15, ఆదివారం పొద్దున మేస్త్రి గారితో 41 నిమిషాలు మాట్లాడాను. కాల్ రికార్డ్ చేస్తున్నానని మొదట్లోనే చెప్పాను. "చేసుకోండమ్మా, మనకి మనకి దాపరికం ఏముంది" అన్నారు. రికార్డింగు రెండుసార్లు మొత్తం విని ఇది రాశాను. పక్కన బ్రాకెట్లో ఉన్న అంకెలు రికార్డింగులో ఆ మాట వచ్చిన నిమిషం, సెకను. అనుమానం ఉంటే అక్కడికి వెళ్లి వినండి. ఆయన ఒప్పుకున్నది, "చూద్దాంలెండి" అని దాటేసినది కలిసిపోకుండా విడివిడిగా రాశాను. రేపు పేచీ వస్తే అక్కడే వస్తుంది.

పని ఏమిటి

తెనాలి ఇంటి పైన ఒక అంతస్తు. 1,050 చదరపు అడుగులు. రెండు బెడ్‌రూములు, హాలు, వంటగది, పూజ గది, రెండు బాత్రూములు, రోడ్డు వైపు 120 చదరపు అడుగుల బాల్కనీ. బయట నుంచి మెట్లు. మెటీరియల్, కూలీ రెండూ ఆయనవే. నీళ్లు, కరెంటు మన ఇంటివే వాడతారు, ఆ బిల్లు మనది (4:10). ప్లాన్ అనుమతి నాన్న ఇప్పటికే తెచ్చారు కాబట్టి దాని గురించి చర్చ లేదు.

ముందు పాత డాబా మీద పిట్టగోడ, కూలింగ్ టైల్స్ కొట్టి తీసేస్తారు. రబ్బీసు ఆయనే ట్రాక్టరులో తోలిస్తారు. తర్వాత 9 పిల్లర్లు, బీములు, ఐదంగుళాల స్లాబు. కాంక్రీటు ఎం20, సైటులోనే మిక్సర్ పెట్టి కలుపుతారు. ఇనుము ఐఎస్ఐ మార్కు ఉన్న 500డి. సిమెంటు ఏదని అడిగితే "కంపెనీ సిమెంటే వేస్తా" అన్నారు (7:35). అది కంపెనీ పేరు కాదు, పేరు చెప్పించుకోవాలి.

బయట గోడలు తొమ్మిదంగుళాలు, లోపలివి నాలుగున్నర, ఎర్ర ఇటుక. లోపల రెండు కోట్ల లప్పం, ప్రైమర్, రెండు కోట్ల రంగు. బయట ప్రైమర్, ఒక కోటు రంగు మాత్రమే. రెండో కోటు కావాలంటే అదనం అన్నారు కానీ ఎంతో చెప్పలేదు. వైరింగు, స్విచ్‌లు, పైపులు, కుళాయిలు లెక్కలో ఉన్నాయి. ఫ్యాన్లు, లైట్లు, వంటగది కప్‌బోర్డులు, టేకు సింహద్వారం లెక్కలో లేవు. మిగతా తలుపులు, కిటికీలు ఉన్నాయి.

ఇందులో రెండు విషయాలు కాస్త నిదానంగా చదవండి.

ఒకటి, బాత్రూములు. అందులో ఒకటి సరిగ్గా అమ్మా నాన్నా పడుకునే గది మీద వస్తుంది. పాత స్లాబుకి ఒక్క బొక్క కూడా కొట్టకూడదని గట్టిగా చెప్పాను. ఒప్పుకున్నారు (13:20). బాత్రూం నేల ఆరంగుళాలు ఎత్తు చేసి, పైపులు బయటి గోడ వెంట దింపుతారు. టైల్స్ వేయకముందే వాటర్ ప్రూఫింగ్ చేసి, నీళ్లు నింపి రెండు రోజులు ఉంచి, కింద గదిలో సీలింగు నాన్నకి చూపిస్తారు. నాన్న సరే అన్నాకే టైల్స్. దీనికి వేరే డబ్బు లేదు. కాల్ మొత్తంలో నాకు బాగా నచ్చిన మాట ఇదే.

రెండు, పిల్లర్ల చువ్వలు. కింద ఇల్లు కట్టినప్పుడు పైకి వదిలిన చువ్వలు పదిహేనేళ్లుగా ఎండకీ వానకీ ఉన్నాయి. గత వారం డాబా ఎక్కి టేపు పెట్టి కొలిచాను. కొన్ని రెండున్నర అడుగులు ఉన్నాయి. మెట్ల వైపు మూడు పిల్లర్లకి మాత్రం అడుగున్నరే ఉన్నాయి, ఒకదాన్ని వేలితో రుద్దితే తుప్పు పొరలు పొరలుగా ఊడొచ్చింది. అన్నయ్య మాట్లాడిన ఇంజినీరు గారి లెక్క ప్రకారం 16 ఎంఎం చువ్వకి ల్యాపు, అంటే పాత చువ్వా కొత్త చువ్వా పక్కపక్కన కలిసి ఉండాల్సిన పొడవు, చువ్వ మందానికి యాభై రెట్లు, అంటే 800 ఎంఎం. మన అడుగుల్లో రెండున్నర దాటుతుంది. మేస్త్రి గారు "వైర్ బ్రష్‌తో రుద్ది కొత్త చువ్వ కట్టేస్తే చాలు, ఎన్ని ఇళ్లకి చేశాం" అన్నారు (10:05). పొడవు చాలని చోట ఏం చేస్తారంటే, పాత కాంక్రీటుకి డ్రిల్లు వేసి కెమికల్ పోసి కొత్త చువ్వ దింపుతానన్నారు, "దాని లెక్క వేరు" అన్నారు. ఎన్ని చువ్వలు, చువ్వకి ఎంత అన్నది తేలలేదు. ఇంజినీరు గారు స్వయంగా వచ్చి ఆ మూడు పిల్లర్లు చూడకుండా పని మొదలు పెట్టొద్దని నా పట్టుదల. ఇల్లంతా నిలబడేది వాటి మీదే.

డబ్బు

చదరపు అడుగుకి 1,750. 1,050 అడుగులకి 18,37,500. బాల్కనీ మొదట పూర్తి రేటు అన్నారు (9:00). నేను ఒప్పుకోకపోతే "సగమే వేసుకోండమ్మా" అన్నారు (17:25). ఆ లెక్కన 60 అడుగులకి 1,05,000. మెట్లకి గుత్తగా 85,000. కొత్త పిట్టగోడ 130 అడుగులు, అడుగుకి 450 చొప్పున 58,500. పాత పిట్టగోడ, టైల్స్ తీసి తోలించడానికి 18,000.

కలిపితే 21,04,000. చివర్లో ఆయనే "ఇరవై ఒకటికి ఫైనల్ చేద్దాం" అన్నారు (36:40). 21,00,000 అనే రాసుకున్నాను. మొదట్లో మాత్రం "ఇరవై లోపే అయిపోద్దమ్మా" అన్నారు (3:00). అది అంచనా మాట, పట్టుకోవడానికి లేదు.

ఒక అంకె నాకు తేలలేదు. నేల టైల్స్‌కి అడుగుకి ఎంతవరకు ఆయన పెట్టుకుంటారని అడిగినప్పుడు వెనక మిక్సర్ మోగుతోంది (22:48). యాభయ్యో ఎనభయ్యో. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఐదుసార్లు విన్నాను, ఒకసారి అలా, ఒకసారి ఇలా వినపడుతోంది. తేడా అడుగుకి 30 రూపాయలు, 1,050 అడుగులకి 31,500. నాకు అనుకూలంగా రాసుకోవడం న్యాయం కాదు కాబట్టి ఆయన్నే మళ్లీ అడుగుతున్నాను.

డబ్బు ఎప్పుడెప్పుడు ఇవ్వాలో ఆయన వరసగా చెప్పారు (27:10 నుంచి):

- పని మొదలు: 2,00,000
- పిల్లర్లు లేచాక: 4,00,000
- స్లాబుకి ముందు: 6,00,000
- గోడలు అయ్యాక: 3,50,000
- ప్లాస్టరింగ్ అయ్యాక: 2,50,000
- టైల్స్, బాత్రూములు అయ్యాక: 2,00,000
- తాళం ఇచ్చేటప్పుడు: 1,00,000

స్లాబు పోసేసరికే 12 లక్షలు ఇచ్చేసి ఉంటాం, అంటే సగానికి పైనే. ఇనుము, సిమెంటు అప్పుడే కొనాలి కాబట్టి ఆయన అడగడంలో తప్పు లేదు. నాకు భయం చివరి లక్ష గురించి. రంగులు, కరెంటు, చిన్నా చితకా పనులు అన్నీ మిగిలి ఉండగా ఆయన చేతికి రావలసింది లక్షే అయితే కూలీలు ఇంకో సైటుకి వెళ్లిపోతారు. టైల్స్ దగ్గర ఒక లక్ష తగ్గించి చివర 2 లక్షలు పెడదామన్నాను. "చూద్దాంలెండి" అన్నారు (30:15). ఒప్పుకోలేదనే రాస్తున్నాను. అన్నయ్యా, దీని గురించి నువ్వొకసారి మాట్లాడితే బాగుంటుంది, నీ మాట వింటారు.

సిమెంటు, ఇనుము రేట్లు పెరిగితే? "పెరిగినా నాదే, తగ్గినా నాదే" (33:00). ఇది స్పష్టంగా అన్నారు.

తేదీలు

మేస్త్రి గారు ఒక్క తేదీ కూడా తేదీగా చెప్పలేదు, అన్నీ పండగలే. ప్రతిదానికీ క్యాలెండరు చూసి "అంటే ఫలానా తారీకేనా అండీ" అని అడిగి అవుననిపించుకున్నాను.

ఆషాఢం రాకముందే కొబ్బరికాయ అన్నారు. ఆషాఢం జూన్ 26న వస్తోంది. జూన్ 23 సోమవారం మొదలు. పిల్లర్లు జూలై 12కి. స్లాబు శ్రావణంలో, ఆగస్టు 2 శనివారం. వాన పడితే వారం అటూ ఇటూ అన్నారు. ఆ సీజనులో అది న్యాయమే, వానలో స్లాబు పోయమని మనమూ అడగకూడదు. స్లాబు మీద మడులు కట్టి 14 రోజులు నీళ్లు నిలుపుతారు. సెంట్రింగు 21 రోజులకి, ఆగస్టు 23న విప్పుతారు. గోడలు వినాయక చవితి వెళ్లిన రెండు వారాలకి, అంటే సెప్టెంబరు 10. ప్లాస్టరింగ్ దసరా ముందు రోజుకి, అక్టోబరు 1. ఆ తర్వాత కూలీలు నాలుగు రోజులు ఊళ్లకి వెళ్తారు. టైల్స్, బాత్రూములు దీపావళికి, అక్టోబరు 20.

ఇల్లు అప్పగించేది "కార్తీకంలో" అన్నారు. కార్తీకం అంటే నెల రోజులు కదండీ అంటే, "పౌర్ణమి దాటనివ్వనమ్మా" అన్నారు (39:05). అంటే నవంబరు 5. ఈ తేదీ మనకి ముఖ్యం. నవంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా శుక్ర మూఢం. ఈలోపు పాలు పొంగించుకోకపోతే మళ్లీ మూడు నెలలు ఆగాలి, అన్నయ్య పిల్లల సెలవులకి అది కుదరదు. స్లాబు వారం వెనక్కి వెళ్లినా నవంబరు 12కి అందుతుంది. రెండు వారాలు దాటితే టెన్షన్ మొదలైనట్టే.

ఆలస్యానికి రోజుకి వెయ్యి తగ్గించుకుంటామన్నాను. "మన మధ్య అలాంటివి ఎందుకమ్మా" అన్నారు. ఒప్పుకోలేదు.

మీరిద్దరూ చూసి సరే అంటే ఈ కింది మెసేజ్ రాత్రికే మేస్త్రి గారికి పంపుతాను. 23వ తారీకు లోపు ఆయన జవాబు రాతలో రావాలి, అప్పుడే మొదటి రెండు లక్షలు వేద్దాం.

"మేస్త్రి గారూ, నమస్కారం. ఆదివారం మనం మాట్లాడుకున్నది ఇదీ. పై అంతస్తు 1,050 అడుగులు, మెటీరియల్‌తో అడుగు 1,750, బాల్కనీ సగం లెక్క. మెట్లు, పిట్టగోడ, పాతవి తీయడం అన్నీ కలిపి 21,00,000. రేట్లు పెరిగినా ఇందులో మార్పు లేదు. మొదలు జూన్ 23, స్లాబు ఆగస్టు 2, అప్పగింత నవంబరు 5. బాత్రూముల్లో నీళ్లు రెండు రోజులు నింపి నాన్నకి చూపించాకే టైల్స్. ఈ ఐదింటికి మీ జవాబు కావాలి: సిమెంటు ఏ కంపెనీది, నేల టైల్స్ అడుగుకి యాభయ్యా ఎనభయ్యా, డ్రిల్లు వేసి దింపే చువ్వ ఒక్కోదానికి ఎంత, బయట రెండో కోటు రంగుకి ఎంత, చివరి విడత 2 లక్షలు ఉంచడం మీకు సమ్మతమేనా. శుక్రవారం సాయంత్రం ఇంజినీరు గారు పిల్లర్లు చూడటానికి వస్తున్నారు, మీరూ ఉంటే బాగుంటుంది. నేను రాసినదాంట్లో మీరు అననిది ఏదైనా ఉంటే చెప్పండి, దిద్దుతాను."