ఒకే తప్పు జవాబు, మూడు థియరీలు

పిల్లలు ఎట్లా నేర్చుకుంటారో చెప్పే మూడు థియరీలు బిహేవియరిజం, కన్‌స్ట్రక్టివిజం, సోషల్ కన్‌స్ట్రక్టివిజం గురించి రాయమంటే మనం బీఈడీలో మామూలుగా టేబుల్ గీసి తేడాలు రాసేస్తాం. నాకు మాత్రం వీటి అసలు తేడా క్లాసులో పిల్లలు తప్పు జవాబు చెప్పినప్పుడే బయటపడుతుందనిపిస్తుంది, ఆ తప్పుని టీచర్ ఏమనుకుంటారు, వెంటనే ఏం చేస్తారు అన్నదే పాయింట్. అందుకే ఈ వ్యాసంలో ఒక్క తప్పునే పట్టుకుంటా. చిత్తూరు పక్కన ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంటర్న్‌షిప్ చేస్తా ఉన్నప్పుడు ఆరో తరగతి నోట్‌బుక్కుల్లో చాలావాటిలో ఇదే ఉండింది: 1/2 + 1/3 = 2/5. పైవి పైవి కూడేశారు, కిందవి కిందవి కూడేశారు, అంతే.

బిహేవియరిజం ప్రకారం ఇది తప్పు రెస్పాన్స్, దాని బదులు సరైనది అలవాటు చెయ్యాలి. మనసులో ఏముందో మనకి కనపడదు కాబట్టి సైకాలజీ ప్రవర్తననే చదవాలని వాట్సన్ 1913లోనే అన్నాడు, మంచి ఫలితం ఇచ్చిన పని మళ్లీ మళ్లీ చేస్తారని థార్న్‌డైక్ పిల్లుల మీద చేసిన ప్రయోగాలతో చెప్పాడు, స్కిన్నర్ దాన్ని రీఇన్‌ఫోర్స్‌మెంట్‌గా పెద్దది చేశాడు. 1953లో స్కిన్నర్ తన కూతురి లెక్కల క్లాసులో కూర్చుని చూస్తే, పిల్లలకి వాళ్లు చేసింది రైటో తప్పో అప్పటికప్పుడు తెలీడం లేదని అర్థమైందంట, ప్రతి జవాబుకీ వెంటనే రైటో తప్పో చెప్పే టీచింగ్ మెషీన్ ఆలోచన ఆయనకి అక్కడి నుంచే వచ్చింది. మన దగ్గర నోట్‌బుక్కులు స్టాఫ్ రూంలో కుప్పగా పడుండి ఎప్పుడో టిక్కులతో తిరిగొచ్చేది తల్చుకుంటే ఆయన బాధ సరైందే. కాబట్టి ఈ పద్ధతిలో క.సా.గు. ఒక స్టెప్పు, హారాలు సమానం చెయ్యడం ఇంకో స్టెప్పు, ప్రతి స్టెప్పుకీ వెంటనే రైటో తప్పో చెప్పడం. పని జరుగుతుంది, ఎక్కాలు ఇట్లా కాకుండా ఇంకెట్లా వస్తాయి? కానీ 5/6 అని కరెక్టుగా రాసిన పిల్లోడినే అది సగం కంటే ఎక్కువా తక్కువా అనడిగితే బిక్కమొహం వేశాడు.

కన్‌స్ట్రక్టివిజానికి, అంటే పియాజే దగ్గరికొస్తే ఆ 2/5 ఇంకోలా కనపడుతుంది. పిల్లోడు నిర్లక్ష్యంగా రాయలేదు, మామూలు అంకెలకి పనిచేసిన రూలునే భిన్నాలకీ వాడాడు, దీన్నే పియాజే అసిమిలేషన్ అంటాడు. ఆ రూలు తప్పని మనం చెప్తే లాభం లేదు, వాడికే తగలాలి. ఒకే సైజు కాగితం పట్టీలు రెండిచ్చి, ఒకదాన్ని సగానికి, రెండోదాన్ని అయిదు సమాన భాగాలకి మడవమన్నా. సగం పక్కన అయిదింట్లో రెండు భాగాలు పెట్టి చూసి వాడే ఆగిపోయాడు, "సార్, సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తగ్గిందేంది?" అన్నాడు. తెలిసిన రూలు కుదరక ఇట్లా తికమక పడటమే డిస్‌ఈక్విలిబ్రియం. దీని తర్వాతే ఆరు భాగాలుగా మడవాలనే ఆలోచనకి, అంటే పాత రూలుని మార్చుకునే అకామొడేషన్‌కి దారి దొరుకుతుంది. అయితే ఆ ఆరు తనంతట తనే కనుక్కోవాలని గంటసేపు వదిలేస్తే చాలామంది అక్కడే తిరుగుతా ఉంటారు, కన్‌స్ట్రక్టివిజం పేరు చెప్పి టీచర్ పక్కకి తప్పుకోవడం నాకు నచ్చదు.

ఇక్కడ సోషల్ కన్‌స్ట్రక్టివిజం, అంటే వైగోట్‌స్కీ కావాలి. పియాజే పుట్టిన 1896లోనే ఈయనా పుట్టాడు, 1934లో 37 ఏళ్లకే పోయాడు. ఒంటరిగా చెయ్యలేనిది తెలిసినవాళ్ల సాయంతో చెయ్యగలిగే మేరని జోన్ ఆఫ్ ప్రాక్సిమల్ డెవలప్‌మెంట్ అన్నాడు. స్కాఫోల్డింగ్ అనేది ఆయన వాడిన మాట కాదు, ఆ సాయానికి ఆ పేరు 1976లో వుడ్, బ్రూనర్, రాస్ రాసిన పేపర్‌తో వచ్చింది. నేను చూసిందేంటంటే, ఇంట్లో తమిళం మాట్లాడే ఒక పాప నా వివరణకి తలూపింది గానీ చెయ్యలేదు, పక్క బెంచీ పాప తమిళం, తెలుగు కలిపి "మూడు ముక్కలు ఇక్కడ, రెండు అక్కడ, అన్నీ ఒకే సైజు ముక్కలే గదా" అని వేలు పెట్టి చూపిస్తే చేసేసింది. తర్వాతి లెక్కకి ఆ మాటలే తనలో తను గొణుక్కుంటా చేసింది. బయటి మాట లోపలి ఆలోచనగా మారడమంటే వైగోట్‌స్కీ చెప్పింది ఇదే, సరిహద్దు జిల్లాలో పనిచేసే టీచర్లకి దీనికంటే పనికొచ్చే థియరీ లేదంటాను. కానీ గ్రూపులుగా కూర్చోబెడితే చాలదు, టాపర్ రాస్తా ఉంటే మిగతావాళ్లు కాపీ కొట్టే గ్రూపులో సోషల్ కన్‌స్ట్రక్టివిజం ఏమీ లేదు, చివర్లో టీచర్ ఇంకో లెక్కిచ్చి సాయం తీసేసి చూడాల్సిందే.

మూడిట్నీ కలిపి వాడుకోవచ్చని రాసేస్తే సరిపోదు, ఏది ముందనేది ముఖ్యం. ముందే డ్రిల్ చేయిస్తే పిల్లలకి రూలు వచ్చేస్తుంది, ఆ తర్వాత కాగితం మడవమన్నా దాన్ని ఆటలాగే చూస్తారు, ఎందుకంటే జవాబు ఆల్రెడీ చేతిలో ఉంది. అందుకే నేను లెసన్ ప్లాన్‌లో కాగితం పట్టీ ముందు పెట్టి, జంటల మాటలు దాని వెంటనే పెట్టి, క.సా.గు. ప్రాక్టీస్ చివరికి తీసుకుపోయాను.