సర్క్యూట్ లెక్కకు ఏ పద్ధతి? వర్క్‌డ్ ఎగ్జాంపుల్స్ నుంచి తీసిన ఫ్లోచార్ట్
(ఈఈఈ మొదటి సంవత్సరం, సర్క్యూట్ అనాలిసిస్)

క్లాసులో చేసిన లెక్కలన్నీ ఒకచోట పెట్టి చూస్తే, పద్ధతిని తేల్చేది సర్క్యూట్ బొమ్మ ఒక్కటే కాదు, ప్రశ్న ఏం అడిగిందన్నది కూడా. అందుకే ముందు ప్రశ్న చివరి వాక్యం చదవండి. తర్వాత 1వ పెట్టె నుంచి మొదలుపెట్టండి.

1. స్విచ్ ఉండి, కెపాసిటర్ గానీ ఇండక్టర్ గానీ ఉందా?
అవును → 7కి వెళ్లండి.
కాదు → 2.

2. సోర్సులు ఏసీవా?
అన్నీ ఒకే ఫ్రీక్వెన్సీ అయితే ఫేజర్‌లోకి మార్చి 3కి వెళ్లండి. కింద చెప్పినవన్నీ ఇంపిడెన్స్‌తో అలాగే పనిచేస్తాయి.
ఫ్రీక్వెన్సీలు వేరైతే సూపర్‌పొజిషన్ తప్పదు. ఒక్కో ఫ్రీక్వెన్సీకి విడిగా సాధించి, టైమ్ డొమైన్‌లోకి తెచ్చాకే కూడాలి.
డీసీ → 3.

3. సోర్స్ ఒక్కటేనా, మిగతాదంతా సిరీస్, ప్యారలల్‌గా ముడుచుకుంటుందా?
అవును → ఓమ్స్ లా, డివైడర్లు చాలు. ఇక్కడ మెష్ ఈక్వేషన్లు రాయడం టైమ్ దండగ. 24 వోల్టులకు 4 ఓమ్‌లు సిరీస్‌లో, ఆ తర్వాత 12, 6 ఓమ్‌లు ప్యారలల్‌లో ఉంటే 12‖6 = 4, మొత్తం 8 ఓమ్‌లు, కరెంట్ 3 ఆంపియర్లు. 6 ఓమ్‌లలో 2, 12 ఓమ్‌లలో 1.
కాదు → 4.

4. ఒక్క రెసిస్టర్ గురించే అడిగారా? దాని విలువ మారుతుందా, లేక మాగ్జిమమ్ పవర్ అడిగారా?
అవును → థెవెనిన్. 6లో Rth చూడండి.
18 వోల్టులు, 6 ఓమ్‌ల సిరీస్, 3 ఓమ్‌ల షంట్, ఆపైన 2 ఓమ్‌ల సిరీస్ ఉన్న లెక్కలో Vth = 6 V, Rth = 4 Ω. లోడ్ 2, 4, 8 ఓమ్‌లైతే కరెంట్ 1, 0.75, 0.5 ఆంపియర్లు, ఒక్కోటీ ఒక లైనులో వచ్చేస్తుంది. 4 ఓమ్‌ల దగ్గర పవర్ గరిష్ఠం, 2.25 వాట్లు.
కాదు → 5.

5. ఈక్వేషన్లు లెక్కపెట్టండి, రాయకముందే.
నోడల్‌కు: (N − 1) − వోల్టేజ్ సోర్సులు
మెష్‌కు: (B − N + 1) − కరెంట్ సోర్సులు
ఏది తక్కువో అది. సమానమైతే, అడిగింది వోల్టేజ్ అయితే నోడల్, కరెంట్ అయితే మెష్. తీగలు దాటకుండా బొమ్మ గీయలేకపోతే మెష్ పనికిరాదు. రెండు నోడ్ల మధ్య వోల్టేజ్ సోర్స్ ఉంటే సూపర్‌నోడ్, రెండు మెష్‌ల మధ్య కరెంట్ సోర్స్ ఉంటే సూపర్‌మెష్.

చాలామంది తడబడేది ఇక్కడే, అందుకే ఈ లెక్క పూర్తిగా: A నోడ్‌కూ గ్రౌండ్‌కూ మధ్య నాలుగు బ్రాంచీలు. 4 ఓమ్‌లతో 12 వోల్టులు, 3 ఓమ్‌లతో 6 వోల్టులు, A లోకి పంపే 1 ఆంపియర్ సోర్స్, 6 ఓమ్‌లు. ప్రతి వోల్టేజ్ సోర్స్‌నూ దాని సిరీస్ రెసిస్టర్‌తో కలిపి ఒకే బ్రాంచీగా లెక్కిస్తే N = 2, B = 4. అలా రెసిస్టర్‌తో కలిపేసిన వోల్టేజ్ సోర్సులను పై సూత్రంలో మళ్లీ తీసేయకూడదు, కాబట్టి నోడల్‌కు ఒక్క ఈక్వేషన్, మెష్‌కు రెండు.

`V/4 + V/3 + V/6 = 12/4 + 6/3 + 1`
`0.75 V = 6`, కాబట్టి `V = 8 V`.

6. డిపెండెంట్ సోర్స్ ఉందా?
లేదు → సోర్సులు ఆపేసి (వోల్టేజ్ షార్ట్, కరెంట్ ఓపెన్) Rth తీయండి.
ఉంది → దాన్ని ఆపకూడదు. Voc, Isc కనుక్కొని Rth = Voc/Isc తీసుకోండి. 12 వోల్టుల నుంచి 4 ఓమ్‌ల ద్వారా వచ్చే కరెంట్ ix. 2ix సోర్స్ అదే నోడ్‌లోకి పంపుతోంది. నోడ్ నుంచి గ్రౌండ్‌కు 4 ఓమ్‌లు. Voc = 9 V, Isc = 9 A, Rth = 1 Ω. డిపెండెంట్ సోర్స్‌ను కూడా ఆపేస్తే 4‖4 = 2 ఓమ్‌లు వస్తుంది, చూడ్డానికి సరైనదిలాగే ఉంటుంది కానీ తప్పు.
సూపర్‌పొజిషన్‌లోనూ ఇదే నియమం. ఇంకొకటి, పవర్‌లను కూడకండి: 2 ఓమ్‌లలో ఒకే దిశలో 3, 2 ఆంపియర్లు పారితే పవర్ 50 వాట్లు, 18 + 8 కాదు.

7. నిల్వ ఎలిమెంట్ ఒక్కటేనా?
అవును → దాని చూపులో థెవెనిన్ తీసి, ఈ సూత్రం రాయండి:
`x(t) = x(∞) + [x(0+) − x(∞)] e^(−t/τ)`
12 వోల్టులు, 6 కిలో ఓమ్‌లు, 3 కిలో ఓమ్‌ల షంట్, దానికి అడ్డంగా చార్జ్ లేని 100 మైక్రోఫారడ్‌లు: Rth = 2 kΩ, τ = 0.2 s, v = 4(1 − e^(−5t)) వోల్టులు.
రెండూ కలిసి ఉంటే → లాప్లాస్.

8. డీసీ లెక్క అయితే, జవాబు వచ్చాక పవర్ సరిచూడండి.
5వ పెట్టెలోని లెక్కలో 12 వోల్టుల సోర్స్ 12 వాట్లు, కరెంట్ సోర్స్ 8 వాట్లు ఇస్తున్నాయి, మొత్తం 20. రెసిస్టర్లు 4, 1.33, 10.67 తీసుకుంటున్నాయి, మొత్తం 16. మిగిలిన 4 వాట్లు 6 వోల్టుల సోర్స్ తీసుకుంటోంది, అది చార్జ్ అవుతోంది. దాని బ్రాంచీలో కరెంట్ మైనస్‌లో వచ్చింది అందుకే. ఆ గుర్తు చూసి లెక్క కొట్టేయకండి.